రోజుకు ఎన్ని పేజీలు? మీ చదువు ప్లాన్ నడుస్తుందో లేదో ముందే లెక్క కట్టడం ఎలా

విజయవాడ, గుంటూరు స్టడీ హాళ్లలో కొత్తగా చేరినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "1,500 పేజీలున్నాయి, 60 రోజులున్నాయి. రోజుకు 25 పేజీలు చదివితే అయిపోతుంది కదా?" భాగహారంలో తప్పేమీ లేదు. కానీ ఆ 25 పేజీలు చదవడానికి మీకు ఎంతసేపు పడుతుందో, అంత సమయం మీ దగ్గర నిజంగా ఉందో అది చెప్పదు. ఆ రెండూ కొలిచి ప్లాన్‌ను పరీక్షించే పద్ధతి ఇది. కొలవడానికి వారం పైనే పడుతుంది, అదీ మీరు మామూలుగా చదువుకుంటూనే. చివర్లో లెక్క వేయడానికి అరగంట చాలు.

ఉదాహరణగా గవర్నర్‌పేటలో ఉద్యోగం చేసుకుంటూ గ్రూప్-2 మెయిన్స్‌కు తెలుగు మీడియంలో చదివే ఒకరిని తీసుకుందాం. ఆయన దగ్గర నాలుగు పుస్తకాలున్నాయి: ఆంధ్రప్రదేశ్ చరిత్ర, రాజ్యాంగం, ఎకానమీ, సైన్స్ అండ్ టెక్నాలజీ. పొద్దున ఒక గంట, రాత్రి రెండు మూడు గంటలు చదువుదామని ఆయన ఆలోచన.

కావలసినవి

మీరు నిజంగా చదవబోయే పుస్తకాలే కావాలి, అలాంటి వేరేవి పనికిరావు. వాటితోపాటు పెన్సిల్, ఒక చిన్న నోట్‌బుక్, ఆపి మళ్లీ మొదలుపెట్టగలిగే స్టాప్‌వాచ్. సెల్‌ఫోన్‌లో ఉన్నది సరిపోతుంది కానీ దాన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే వాట్సాప్ చూసిన సమయం కూడా చదువు లెక్కలో కలిసిపోతుంది.

1. ముందు అసలు పేజీలు లెక్కపెట్టండి

పుస్తకం చివరి పేజీ నంబరు మీద 560 ఉంటే చదవాల్సినవి 560 అని కాదు. ముందుమాట, సిలబస్ కాపీ, ప్రతి అధ్యాయం చివర ప్రాక్టీస్ బిట్లు, పాత ప్రశ్నపత్రాలు, ఆ పబ్లిషర్ మిగతా పుస్తకాల ప్రకటనలు తీసేయండి. మన ఉదాహరణలో రాజ్యాంగం పుస్తకం అలాగే 560 నుంచి 480కి దిగింది. బిట్లు చేయకుండా వదిలేయమని కాదు, వాటి వేగం వేరు కాబట్టి వాటికి వేరే సమయం పెట్టుకోవాలి.

నాలుగు పుస్తకాలూ ఇలా చూసుకుంటే చరిత్ర 420, రాజ్యాంగం 480, ఎకానమీ 400, సైన్స్ అండ్ టెక్నాలజీ 200. మొత్తం 1,500 పేజీలు.

2. ప్రతి పుస్తకం నుంచీ మూడు చోట్ల కొలవండి

ఇంటర్నెట్‌లో దొరికే "నిమిషానికి ఇన్ని పదాలు" పట్టికల జోలికి వెళ్లకండి. అవి ఎక్కువగా ఇంగ్లిష్ చదువరుల కోసం వేసినవి. ఇంగ్లిష్‌లో నాలుగైదు పదాలు పట్టే మాట తెలుగులో "వెళ్లలేకపోయాడు" అని ఒక్క పదంలో అయిపోతుంది. పదాల లెక్కన చూస్తే తెలుగులో చదివేవాళ్లంతా నెమ్మదిగా చదువుతున్నట్టు తేలుతుంది, అది నిజం కాదు. మనకు కావలసింది ఒక్కటే అంకె: ఈ పుస్తకంలో ఒక పేజీకి మీకు ఎన్ని నిమిషాలు.

పుస్తకాన్ని కంటితోనే మూడు భాగాలు చేసుకుని, ఒక్కో భాగం మధ్యలో ఏదైనా ఉపశీర్షిక దగ్గర మొదలుపెట్టండి. 25 నిమిషాలు చదివి, ఆగినచోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. ఎన్ని పేజీలైందో పావు పేజీ వరకు చూసి రాసుకోండి.

మొదటి అధ్యాయంలో మాత్రం కొలవకండి. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. మొదటి అధ్యాయమంటే పరిచయం, నిర్వచనాలు, మీకు ముందే తెలిసిన సంగతులు, కాబట్టి కళ్లు పరుగెడతాయి. ఎకానమీలో ద్రవ్య విధానం దగ్గరికొచ్చేసరికి ఆ వేగం ఉండదు.

కొలిచేటప్పుడు పరీక్షకు ఎలా చదువుతారో అలాగే చదవండి. గీతలు గీసుకుంటూ చదివేవాళ్లు గీస్తూనే కొలవాలి, నోట్సు రాసుకునేవాళ్లు రాస్తూనే కొలవాలి. విడిగా నోట్సు రాస్తే పేజీకి పట్టే సమయం రెట్టింపవడం మామూలే. వట్టిగా చదివి కొలిచి, తర్వాత నోట్సు రాస్తూ చదివితే ప్లాన్ మొదటి వారంలోనే కూలిపోతుంది.

రాజ్యాంగం పుస్తకంలో మూడు చోట్ల వచ్చిన ఫలితం ఇది: 5 పేజీలు, 4 పేజీలు, 3¾ పేజీలు. మొత్తం 75 నిమిషాలకు 12¾ పేజీలు, అంటే పేజీకి కొంచెం తక్కువ 6 నిమిషాలు. 6 అనే రాసుకుందాం. సందేహం వచ్చినప్పుడు ఎప్పుడూ పైకే సవరించండి.

రాత్రిపూట చదివేవాళ్లు మూడింటిలో కనీసం రెండు రాత్రే కొలవాలి. ఆదివారం పొద్దున కాఫీ తాగి కూర్చుని కొలిచిన వేగం, దుకాణం కట్టేసి వచ్చి అన్నం తిన్న తర్వాత తొమ్మిదిన్నరకు రాదు.

3. మర్నాడు గుర్తుందో లేదో చూడండి

ఈ మెట్టు దాటేస్తే మీరు కొలిచింది చదివే వేగం కాదు, పేజీలు తిప్పే వేగం.

మర్నాడు పుస్తకం తెరవకముందు, నిన్న చదివిన పేజీలకు సంబంధించిన బిట్లు పది తీసుకోండి. నాలుగు ఆప్షన్లనూ కాగితంతో మూసి, ప్రశ్న మాత్రమే చూసి జవాబు రాయండి. ఆప్షన్లు కనిపిస్తే ఏమీ చదవనివాళ్లకు కూడా గుడ్డిగా రెండు మూడు తగులుతాయి, కాస్త చదివినవాళ్లు జవాబు చూసి గుర్తుపట్టేస్తారు. మనకు తెలియాల్సింది అది కాదు. పుస్తకంలో బిట్లు లేకపోతే ఉపశీర్షికలనే ప్రశ్నలుగా మార్చుకోండి.

పదికి ఏడు వస్తే మీ కొలత నమ్మదగ్గదే. తగ్గితే ఆ పేజీలను మళ్లీ చదవండి, మళ్లీ చదివిన సమయాన్ని కూడా స్టాప్‌వాచ్‌తో చూసి పాత సమయానికి కలపండి. అంతేగానీ రాని ప్రశ్నలు కష్టమైనవని పక్కన పెట్టకండి.

ఎకానమీలో సరిగ్గా ఇదే జరిగింది. మొదట 75 నిమిషాల్లో 13½ పేజీలు అయ్యాయి, అంటే పేజీకి 5½ నిమిషాలు. చూడ్డానికి రాజ్యాంగం కంటే తేలిక! మర్నాడు పదికి నాలుగే వచ్చాయి. అవే పేజీలు మళ్లీ చదవడానికి 33 నిమిషాలు పట్టింది. ఆ తర్వాతి రోజు ఎనిమిది వచ్చాయి. కాబట్టి అసలు సమయం 108 నిమిషాలు, పేజీకి 8. ఎకానమీ పేజీల్లో పట్టికలు ఎక్కువ. పట్టికను కళ్లు ఐదు సెకన్లలో దాటేస్తాయి, అందులోని అంకెలు బుర్రకెక్కడానికి ఐదు నిమిషాలు పడుతుంది. పేజీలో అక్షరాలు తక్కువగా ఉన్నాయని అది తేలిక పేజీ అనుకోకండి.

కష్టం ఎంతో ఊహించి "ఇది 20 శాతం కష్టం" అని అంకె వేసుకోవాల్సిన పని లేదు. ఈ రెండు మెట్లూ చేస్తే కష్టం దానంతటదే నిమిషాల్లోకి వచ్చేస్తుంది.

4. గంటకు పేజీలతో కాదు, పేజీకి నిమిషాలతో లెక్క వేయండి

చాలామంది ఇక్కడే జారతారు. ఒక పుస్తకం గంటకు 20 పేజీలు, ఇంకోటి గంటకు 5 పేజీలు నడుస్తోందనుకోండి. రెండింటిలోనూ వందేసి పేజీలున్నాయి. సగటు గంటకు 12½ అని, 200 పేజీలు 16 గంటల్లో అయిపోతాయని లెక్క వేస్తారు. విడివిడిగా చూడండి: మొదటిది 5 గంటలు, రెండోది 20 గంటలు, కలిపి 25. లెక్కలో తొమ్మిది గంటలు మాయమయ్యాయి. పేజీలు సమానంగా ఉన్నప్పుడు నెమ్మదిగా నడిచే పుస్తకమే ఎక్కువ గంటలు తింటుంది కాబట్టి వేగాల సగటు మనకు అనుకూలంగా అబద్ధం చెబుతుంది. పేజీకి నిమిషాలు రాసుకుని, పేజీలతో గుణించి, వచ్చినవి కూడితే ఈ పొరపాటుకు చోటే ఉండదు.

మన ఉదాహరణ లెక్క:

| పుస్తకం | పేజీలు | పేజీకి నిమిషాలు | మొత్తం నిమిషాలు |
|---|---|---|---|
| చరిత్ర | 420 | 4 | 1,680 |
| రాజ్యాంగం | 480 | 6 | 2,880 |
| ఎకానమీ | 400 | 8 | 3,200 |
| సైన్స్ అండ్ టెక్నాలజీ | 200 | 5 | 1,000 |
| మొత్తం | 1,500 | | 8,760 |

8,760 నిమిషాలంటే 146 గంటలు. ఇది మొదటిసారి చదవడానికి మాత్రమే.

రివిజన్‌కు వేరే కొలత కావాలి. గీతలు గీసి చదివిన పేజీలను వారం తర్వాత మళ్లీ చదివి ఎంతసేపు పట్టిందో చూడండి. ఈ ఉదాహరణలో 6 నిమిషాల పేజీకి 2 నిమిషాలు పట్టింది, అంటే మూడో వంతు. ఆ లెక్కన రివిజన్ 2,920 నిమిషాలు, రెండూ కలిపి 11,680. మీకు సగం పట్టొచ్చు, పావు వంతే పట్టొచ్చు. మీ అంకె మీరే తీసుకోండి.

5. మీకున్న సమయాన్ని కూడా కొలవండి, ఊహించకండి

ఒక వారంపాటు కుర్చీలో కూర్చుని పుస్తకం చూసిన సమయాన్ని మాత్రమే స్టాప్‌వాచ్‌తో లెక్కపెట్టండి. నీళ్ల కోసం లేచినా, టీ కొట్టుకు వెళ్లినా, పక్క సీటువాళ్లతో మాట్లాడినా ఆపాలి. స్టడీ హాల్ రిజిస్టర్‌లో వచ్చిన టైము, వెళ్లిన టైము ఉంటాయి, మనకు కావలసింది ఆ మధ్యలో జరిగింది.

మన ఉదాహరణలో కాగితం మీద రోజుకు 4 గంటలు. సోమవారం నుంచి శనివారం వరకు స్టాప్‌వాచ్ చూపించినవి: 165, 150, 120, 155, 135, 175. కూడితే 900, రోజుకు 150 నిమిషాలు. రెండున్నర గంటలు.

"బుధవారం బంధువులొచ్చారు, ఆ 120 లెక్కలోకి తీసుకోను" అనిపిస్తుంది. తీసుకోండి. వచ్చే వారం బంధువులు రాకపోతే కరెంటు పోతుంది, అదీ కాకపోతే జ్వరం. అలాంటి రోజు ప్రతి వారం ఏదో ఒక పేరుతో వస్తూనే ఉంటుంది. సెలవు వారంలో, పండగ వారంలో మాత్రం కొలవకండి.

తర్వాత క్యాలెండర్ తీసి రోజులు కొట్టేయండి. 60 రోజుల్లో 8 ఆదివారాలు మోడల్ టెస్టులకు, రివిజన్‌కు పోతాయి. పెళ్లిళ్లు, పండగలు కలిపి ఇంకో 4. మిగిలేవి 48.

6. రెండింటినీ పక్కపక్కన పెట్టండి

కావలసింది 11,680 నిమిషాలు. ఉన్నది 48 రోజులు × 150 నిమిషాలు = 7,200. రివిజన్ పక్కన పెట్టినా మొదటి చదువుకే చాలదు.

ఇక్కడ ఒక చిత్రం గమనించండి. 8,760 నిమిషాలను 1,500 పేజీలకు పంచితే సగటున పేజీకి 6 నిమిషాల లోపే. 150 నిమిషాల్లో 25 పేజీలు నిజంగానే అవుతాయి. అందుకే చరిత్రతో మొదలుపెట్టినవాళ్లకు రోజుకు 37 పేజీలు నడిచి, ప్లాన్ బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. ఎకానమీకి వచ్చేసరికి అదే సమయంలో 18 దాటవు. అప్పటికి నెల గడిచిపోయి ఉంటుంది. అన్ని పుస్తకాలకూ ఒకే పేజీల కోటా పెట్టుకోవడం ఇందుకే పనికిరాదు.

150 నిమిషాల్లో 120 కొత్త పేజీలకు, 30 రివిజన్‌కు ఇవ్వండి. అప్పుడు రోజు కోటా పుస్తకాన్ని బట్టి మారుతుంది: చరిత్ర 30 పేజీలు, రాజ్యాంగం 20, ఎకానమీ 15, సైన్స్ 24. పుస్తకాలకు పట్టే రోజులు వరసగా 14, 24, 27, 9. మొత్తం 74 చదువు రోజులు. వారానికి ఆరు రోజుల లెక్కన పన్నెండు వారాల పైచిలుకు, ఊరెళ్లే నాలుగు రోజులు కలిపితే 90 రోజులు. రివిజన్‌కు రోజూ ఇచ్చే 30 నిమిషాలతో 2,220 అవుతాయి. మిగతా 700 నిమిషాలు పన్నెండు ఆదివారాలకు గంటేసి పంచితే సరిపోతాయి. చివర్లో ఒక వారం ఖాళీగా ఉంచుకోండి. అంటే ఇది రెండు నెలల ప్లాన్ కాదు, మూడు నెలల పైన ఒక వారం.

7. పరీక్ష తేదీ కదలకపోతే పేజీలు తగ్గించండి

తేదీ మీ చేతిలో లేనప్పుడు చాలామంది వేగం పెంచుదామనుకుంటారు. పేజీకి 8 నిమిషాలు పట్టేదాన్ని 5½కి దింపితే ఏమవుతుందో మూడో మెట్టులోనే చూశాం: పదికి నాలుగు. సమయం పెంచడం కొంతవరకు కుదురుతుంది, అయితే పెంచిన సమయాన్ని కూడా వారం కొలిచి చూడాలి. కచ్చితంగా మీ చేతిలో ఉన్నది పేజీలే.

48 రోజులు × 120 = 5,760 నిమిషాలు. 8,760 నుంచి 3,000 తగ్గించాలి. పాత మెయిన్స్ ప్రశ్నపత్రాలు పక్కన పెట్టుకుని, ప్రశ్నలు రాని అధ్యాయాల మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. పేజీకి ఎక్కువ నిమిషాలు తినే పుస్తకంతో మొదలుపెట్టాలి. ఎకానమీలో ఒక్క పేజీ తీస్తే చరిత్రలో రెండు తీసినంత. ఎకానమీలో 200 పేజీలు తీస్తే 1,600 నిమిషాలు, రాజ్యాంగంలో 150 తీస్తే 900, సైన్స్‌లో 100 తీస్తే 500. సరిగ్గా 3,000. చరిత్ర ముట్టుకోనక్కర్లేదు.

ఎకానమీలో 200 పేజీలు ఎక్కడివి అంటారా? లెనిన్ సెంటర్‌లో కొన్న పాత ఎడిషన్ అయితే పట్టికల పేజీలే ముందు పోతాయి. రాష్ట్ర సామాజిక ఆర్థిక సర్వే ఏటా కొత్త అంకెలతో వస్తుంది, పాత పుస్తకంలోవి కష్టపడి బట్టీ పట్టినా తప్పు జవాబుకే పనికొస్తాయి. కొత్త సర్వే నుంచి తీసిన చిన్న నోట్సును వాటి స్థానంలో పెట్టుకోండి, దాని పేజీలు కూడా లెక్కలో చేర్చండి.

ఇలా కోసిన ప్లాన్‌లో రివిజన్ 1,920 నిమిషాలు. రోజూ 30 లెక్కన 1,440, ఎనిమిది ఆదివారాల్లో గంటేసి 480, సరిపోయింది. కానీ ఒక్క రోజు మిగులు కూడా లేదు. కాబట్టి వెనకబడితే వదిలేయడానికి ఇంకో 50, 60 పేజీలు ఇప్పుడే గుర్తుపెట్టి ఉంచండి. పరీక్ష ముందు కంగారులో ఎంచుకుంటే చేతికి అందింది వదిలేస్తాం.

8. మొదటి వారం చివర పరీక్షించండి

రోజూ రెండు అంకెలు రాసుకోవాలి: కొత్త పేజీలకు పెట్టిన నిమిషాలు, అయిన పేజీలు. ఒకటి రాసి ఇంకోటి వదిలేస్తే తప్పెక్కడుందో దొరకదు.

ఎకానమీ మొదటి ఆరు రోజుల్లో 90 పేజీలు కావాల్సింది 78 అయ్యాయనుకోండి. నిమిషాలు చూడండి. పెట్టాల్సిన 720 పెట్టి కూడా 78 పేజీలే అయితే పేజీకి 9 నిమిషాల పైనే పడుతోంది, మీ కొలత తక్కువగా ఉంది. మిగిలిన పేజీలకు కొత్త అంకె వేసి లెక్క మళ్లీ కట్టండి. అలా కాకుండా పెట్టినవి 624 నిమిషాలే అయితే 78 పేజీలకు పేజీకి 8 చొప్పున సరిగ్గా సరిపోయింది. వేగం ఉన్నదే, 96 నిమిషాలు ఎటో పోయాయి. అప్పుడు కోటా తగ్గించకండి, ఐదో మెట్టుకు వెళ్లి ఆ వారం ఏ రోజు ఏ వేళలో స్టాప్‌వాచ్ ఆగిందో చూడండి.

నిమిషాలూ, పేజీలూ రెండూ సరిగ్గా ఉండి ఆదివారం టెస్టులో ఏడు రాకపోతే, మీరు కోటా పూర్తి చేయడం కోసం పేజీలు తిప్పుతున్నారన్నమాట. ఆ వారం పేజీలకు మళ్లీ చదివిన సమయం కలిపి, పేజీకి నిమిషాలు కొత్తగా రాసుకోండి.